క్రాస్ రోజున ఎవరు నిలబడతారు?

ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్లిన రాత్రి లాయర్ని వెతికి ఎంచుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఎవరో చెప్పిన నంబరుకు ఫోన్ చేస్తారు. ఆయన అడిగినంత ఇస్తారు, చూపించిన చోట సంతకం పెడతారు. కొన్నాళ్లకు బెయిల్ వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, ఆ లాయరు మీద గురి కుదురుతుంది. అసలు కేసు ఇంకా మొదలే కాలేదన్న సంగతి ఛార్జిషీట్ పడి, సమన్లు వచ్చాక గానీ తెలియదు. బెయిల్ అంటే కేసు నడిచినన్నాళ్లూ బయట ఉండటానికి అనుమతి, అంతే. శిక్ష పడుతుందా లేదా అన్నది సాక్షులు బోనెక్కినప్పుడు, వాళ్లను మన తరఫు లాయరు ప్రశ్నించినప్పుడు తేలుతుంది. కోర్టు భాషలో దాన్ని క్రాస్ అంటారు. క్రిమినల్ లాయర్ని ఎంచుకోవడమంటే ఆ క్రాస్ చేసే మనిషిని ఎంచుకోవడమే. ఫీజు మాట్లాడుకోవడంలోనూ ఆ రోజునే మనసులో పెట్టుకోవాలి.

మన జిల్లాల్లో ఎక్కడైనా జరిగే కేసునే ఉదాహరణగా కల్పించుకుని చూద్దాం. పొలం గట్టు దగ్గర పక్క రైతుతో తగాదా. మాటా మాటా పెరిగి కర్ర లేచింది, అవతలివాడి ముంజేతికి దెబ్బ తగిలింది. ఫిర్యాదులో ముగ్గురి పేర్లు పెట్టారు: కొడుకు ఏ1, తండ్రి ఏ2, పినతండ్రి కొడుకు ఏ3. ఎఫ్ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 118(1) వేశారు. అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. దీనికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరం కాబట్టి పోలీసులు వెంటనే అరెస్టు చేయలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద, పాతవాళ్లు ఇంకా 41ఏ అని పిలిచే నోటీసు ఇచ్చి పంపారు. ఇంట్లో అందరూ కేసు తేలిపోయిందనుకున్నారు.

తండ్రి మర్నాడు ఒక లాయరు గది మెట్లెక్కాడు. ఆయన ఎఫ్ఐఆర్ ఒకటికి రెండుసార్లు చదివి మొదట అడిగిన ప్రశ్న ఇది.

‘‘దెబ్బ ఎక్కడ తగిలిందండీ? ఎక్స్‌రే తీశారా?’’

‘‘చేతికండి. ఏదో కట్టు కట్టారంటున్నారు.’’

‘‘మామూలు కట్టా, సిమెంటు కట్టా?’’

తండ్రికి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. కేసంతా దాంట్లోనే ఉంది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. ఆసుపత్రి నుంచి గాయాల సర్టిఫికెట్‌లో ఆ మాట వచ్చిన రోజున పోలీసులు సెక్షన్ మార్చి మెమో వేస్తారు, 118(1) కాస్తా 118(2) అవుతుంది. దానికి కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. అప్పుడు నోటీసుతో వదిలిపెట్టే వెసులుబాటు పోయి అరెస్టు ముంగిట్లోకి వస్తుంది. అందుకే ఆ లాయరు ‘ఏం ఫర్వాలేదు’ అనలేదు. ఆసుపత్రి కాగితం సంగతి కనుక్కోమన్నాడు, అవసరమైతే ముందస్తు బెయిల్‌కు వెళ్లాల్సి ఉంటుందన్నాడు, అది ఏ కోర్టులో వేయాలో చెప్పాడు.

నా లెక్కలో మొదటి భేటీలో మంచి లాయర్ని గుర్తుపట్టడానికి ఇంతకు మించిన ఆనవాలు లేదు. ఆయన తన గురించి తక్కువ చెబుతాడు, మన కాగితాల గురించి ఎక్కువ అడుగుతాడు. ఎఫ్ఐఆర్ తెరవకుండానే ‘మూడు నెలల్లో కొట్టేయిస్తా’ అన్నాడంటే, ఆ మాటకు కేసుతో సంబంధం లేదని అర్థం. క్రిమినల్ కేసు ఫలితానికి ఎవరూ పూచీ ఇవ్వలేరు.

మరి ఇలాంటి మనిషిని ఎక్కడ వెతకాలి? మన ఊళ్లలో చాలామంది మొదట వెళ్లేది ఇంటి ఆస్తి కేసు చూసే లాయరు దగ్గరికి. తరతరాల పరిచయం ఉంటుంది, మొహమాటం ఉంటుంది. ఆయన సివిల్‌లో దిట్ట కావచ్చు. కానీ సివిల్ దావాలో పనంతా పత్రాల చుట్టూ తిరుగుతుంది, క్రిమినల్ కేసులో సాక్షి నోటిమాట చుట్టూ తిరుగుతుంది. ఆ పరిచయాన్ని ‘మీరైతే మీ ఇంట్లో ఇలాంటి కేసుకు ఎవర్ని పెట్టుకుంటారండీ?’ అని అడగడానికి వాడుకోండి. లాయర్ల సత్తా లాయర్లకే బాగా తెలుస్తుంది. రోజూ ఒకే హాల్లో కూర్చుని ఒకరి క్రాస్ ఒకరు వింటారు కదా. స్టేషన్ దగ్గర ఎవరో చేతిలో పెట్టిన విజిటింగ్ కార్డును మాత్రం పక్కన పెట్టండి. బ్రోకర్ల ద్వారా గానీ, ప్రకటనల ద్వారా గానీ కేసులు పట్టుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. ఆ దారిలో వచ్చిన లాయరు ఫీజులో కొంత మధ్యవర్తికి పోతుంది, అది కట్టేదీ మనమే.

రెండో దారి ఎవరికీ తట్టదు గానీ అదే అన్నిటికన్నా నమ్మదగింది. మన దేశంలో మామూలు క్రిమినల్ విచారణ బహిరంగంగా జరుగుతుంది. కొన్ని సున్నితమైన కేసులు తప్ప, మేజిస్ట్రేట్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఎవరైనా కూర్చుని వినవచ్చు. మన కేసు నడవబోయే కోర్టుకే ఒకటి రెండు ఉదయాలు వెళ్లి, ఫోన్ కట్టేసి, సాక్షుల విచారణ చూడండి.

చూడాల్సింది గొంతు ఎంత పెద్దదన్నది కాదు. ఒక లాయరు లేచి సాక్షిని ‘నువ్వు సంఘటన చూడలేదు, పార్టీ కక్షతో అబద్ధం చెబుతున్నావు’ అంటాడు. సాక్షి ‘కాదు’ అంటాడు. ‘నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు’ అని రికార్డులోకి వెళుతుంది. లాయరు కూర్చుంటాడు. దీన్ని సజెషన్ అంటారు. మన వాదన ఇదీ అని రికార్డు చేయడానికి అది ఉండాలి, కానీ అదొక్కటే ఉంటే సాక్ష్యానికి గీత కూడా పడదు.

ఇంకో లాయరు నిదానంగా వెళతాడు. సాక్షి ఈరోజు కోర్టులో కర్ర ఏ2 చేతిలో కూడా ఉందన్నాడు. దర్యాప్తులో పోలీసులకు చెప్పినప్పుడు ఏ1 ఒక్కడి పేరే చెప్పాడు. లాయరు ముందు సాక్షి చేత ‘పోలీసులు నన్ను విచారించారు, జరిగింది జరిగినట్టు చెప్పాను’ అనిపిస్తాడు. తర్వాత పోలీసు వాంగ్మూలంలో ఆ వాక్యాన్ని చదివి వినిపించి, ఇలా చెప్పావా అని అడుగుతాడు. పాత అలవాటులో ఆ కాగితాన్ని 161 స్టేట్‌మెంట్ అంటారు, ఇప్పుడది కొత్త చట్టంలో 180వ సెక్షన్. సాక్షి ‘అలా చెప్పలేదు’ అంటే ఆ ముక్క గుర్తు పెట్టించి, కొన్ని నెలల తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు ‘ఈ సాక్షి మీ ముందు ఇలా చెప్పాడా లేదా’ అని అడిగి రుజువు చేయిస్తాడు. ఈ రెండు మెట్లలో ఏది తప్పినా ఆ వైరుధ్యం తీర్పులో పనికిరాదు. తండ్రి మీద ఉన్న కేసంతా ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉండవచ్చు. చేతిలో వాంగ్మూలం కాపీకి అడుగడుగునా గీతలు గీసుకుని వచ్చిన లాయరు ఎవరో, అప్పటికప్పుడు ఫైల్ తిరగేస్తున్నది ఎవరో వెనక బెంచీ నుంచే తెలిసిపోతుంది. ఒక్క పూట చూసి ఎవరినీ తీసిపారేయకూడదు, ఎంతటివాళ్లకైనా బాగా సాగని రోజు ఉంటుంది. అయినా ఇరవై మంది చెప్పిన మాటకన్నా ఆ పూట చూసింది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ లాయరు పేరుతో వెతికితే ఆయన కేసులు కనిపిస్తాయి. అక్కడ చూడాల్సింది గెలుపు ఓటముల సంఖ్య కాదు. కొట్టేసిన కేసుల్లో సాక్షులు ఎదురు తిరిగినవి ఉంటాయి, లోక్ అదాలత్‌లో రాజీ అయినవి ఉంటాయి. ఆ కోర్టులో ఆయన నిజంగా క్రిమినల్ విచారణలు నడుపుతున్నారా, మనలాంటి సెక్షన్ల కేసులు ఉన్నాయా అన్నదే చూడాలి. గంజాయి కేసైతే ఎన్‌డీపీఎస్ చట్టం, పిల్లల మీద లైంగిక నేరమైతే పోక్సో, అట్రాసిటీ కేసైతే ఆ ప్రత్యేక చట్టం. ఇలాంటి వాటికి బెయిల్ నిబంధనలూ వేరు, కోర్టులూ వేరు. ఆ కోర్టులో పనిచేసిన అనుభవమే అక్కడ ముఖ్యం. మన గట్టు తగాదాకు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పెద్ద పేరున్న లాయర్ని తేవాల్సిన పని సాధారణంగా ఉండదు. ప్రతి వాయిదాకూ ఆయన రాలేడు, వచ్చేది ఆయన జూనియరే.

భేటీకి వెళ్లేటప్పుడు కాగితాలన్నీ ఒక కవర్లో తారీఖుల వరసలో పెట్టుకుని వెళ్లండి. ఎఫ్ఐఆర్ కాపీ, పోలీసు నోటీసు, అరెస్టయి ఉంటే రిమాండ్ రిపోర్ట్, ఆసుపత్రి కాగితాలు, మన వైపు ఎవరికైనా దెబ్బలు తగిలితే వాటి ఫొటోలు, పొలం పాస్‌బుక్కు, పాత తగాదాలో పెట్టుకున్న ఫిర్యాదులు. రెండు వైపులా దెబ్బలు తగిలినప్పుడు మన ఫిర్యాదు కూడా రికార్డులో ఉండాలి. అది నెల రోజుల తర్వాత పెడితే ‘కేసు పడ్డాక అల్లిన కథ’ అంటారు. ఇంకొకటి, గట్టు దారిలో ఏ కిరాణా కొట్టుకైనా సీసీ కెమెరా ఉందేమో ఆ రోజే చూడాలి. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతుంది. ‘ఇప్పుడు భద్రపరచకపోతే పోయేవి ఏమేం ఉన్నాయి?’ అన్నది మొదటి భేటీలోనే లాయర్ని అడగాల్సిన ప్రశ్న.

లాయరు దగ్గర అబద్ధం చెప్పకండి. కొట్టింది మీ అబ్బాయే అయితే ఆ మాటే చెప్పండి. కక్షిదారు తనతో చెప్పింది లాయరు బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది, కేసు ముగిశాక కూడా ఆ బాధ్యత ఉంటుంది. ఇకముందు చేయబోయే నేరానికి సాయం అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. ‘ఆ రోజు మావాడు ఊళ్లోనే లేడని సాక్షుల్ని పుట్టిద్దాం’ అని అడగడం అలాంటిదే. సరైన లాయరు దానికి ఒప్పుకోడు. ఒప్పుకునే లాయర్ని పెట్టుకోవద్దు. తప్పు చేసినట్టు తనకు అనిపించినా సరే, నిందితుడి తరఫున నిలబడటం లాయరు ధర్మమని బార్ కౌన్సిల్ నియమాలు విడమరచి చెప్పాయి. కాబట్టి నిజం చెబితే కేసు వదిలేస్తాడేమోనన్న భయం అక్కర్లేదు. క్రాస్ మధ్యలో సాక్షి నోటి నుంచి కొత్త సంగతి బయటపడటం కన్నా గదిలో మన నోటి నుంచి బయటపడటం మేలు.

ఈ కేసులో ముగ్గురు నిందితులున్నారు. ముగ్గురికీ ఒకే లాయరైతే ఖర్చు కలిసొస్తుంది, చాలా ఇళ్లలో అదే చేస్తారు. ఏ3 నిజంగా అక్కడ లేడనుకోండి. అతని వాదన ‘నేను లేను, నాకేం తెలియదు’. ఏ1 వాదన ‘వాళ్లే ముందు మీదికొచ్చారు, కాపాడుకోవడానికి కర్ర తీశాను’. ఏ1 తరఫున అలా క్రాస్ చేసిన క్షణాన గొడవ జరిగిందనీ కర్ర ఉందనీ ఒప్పుకున్నట్టవుతుంది. ఏ2 సంగతి ఇంకా చిక్కు. ‘కర్ర పట్టుకున్నది కొడుకొక్కడే’ అన్నది తండ్రిని కాపాడే మాట, అదే మాట కొడుకుని ముంచుతుంది. ఒకే లాయరు ఒకే రోజున ఈ రెండు ప్రశ్నలూ ఒకే సాక్షిని అడగలేడు. అందుకని ‘ముగ్గురి వాదనా ఒకటేనా, ఎవరికైనా వేరే లాయరు కావాలా?’ అని మీరే అడగండి. ‘ఏ3కి వేరే ఆయన్ని పెట్టుకోండి’ అని తన ఫీజు తగ్గే సలహా ఇచ్చిన లాయర్ని నమ్మవచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ‘సాక్షుల్ని క్రాస్ చేసేది మీరేనా, మీ జూనియరా?’ ఇది అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. పడాల్సిన పని లేదు. వాయిదాకు జూనియర్ వెళ్లి హాజరు వేయించుకు రావడం, గుమస్తా కాపీలకు అప్లికేషన్ పెట్టడం రివాజే. సమర్థులైన జూనియర్లు క్రాస్ బాగా చేయడమూ ఉంది. అయితే ఎవరు చేస్తారో ముందే తెలియాలి, ఫీజు దాన్నిబట్టి ఉండాలి. దానికి తోడుగా ఇంకో ప్రశ్న ఉంది. ‘ఛార్జిషీట్ కాపీలు వచ్చాక మాతో కూర్చుని ఒక్కో వాంగ్మూలం చదువుతారా?’ ఛార్జిషీట్, సాక్షుల వాంగ్మూలాలు, డాక్టర్ సర్టిఫికెట్ కాపీలు నిందితుడికి ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. విచారణ దాకా వెళ్లకుండా కేసు నుంచి తప్పించమని కోరే డిశ్చార్జి పిటిషన్‌కు కొత్త చట్టం మేజిస్ట్రేట్ కోర్టులో కాపీలు అందిన నాటి నుంచి అరవై రోజుల గడువు పెట్టింది. పేరు మాత్రమే ఉండి చేసిన పని ఏదీ లేని ఏ3 లాంటివాళ్లకు ఆ గడువు చాలా విలువైనది. కాపీలు ఆఫీసులో మూలుగుతుండగా రెండు నెలలు దాటిపోకూడదు.

రాజీ సంగతి కూడా అప్పుడే అడగండి. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని గట్టు తగాదా తేల్చేశారనుకోండి. 118(2) చట్టంలో రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. రెండు వైపులా వచ్చి ఒప్పుకున్నామన్నా మేజిస్ట్రేట్ రాజీ నమోదు చేయలేరు. హైకోర్టులో 528వ సెక్షన్ కింద కేసు కొట్టేయమని పిటిషన్ వేయాలి. అక్కడ కూడా ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం కోర్టు విచక్షణ. అంటే ఇంకో లాయరు, ఇంకో ఫీజు. ఈ సంగతి తెలియక రాజీ డబ్బు ముందే ఇచ్చేసి, కేసు అలాగే నడుస్తోందని తర్వాత బాధపడేవాళ్లున్నారు.

ఇప్పుడు ఫీజు. క్రిమినల్ లాయర్ల ఫీజుకు రేటు పట్టిక ఏదీ లేదు. కేసు బరువు, లాయరు అనుభవం, కోర్టు ఉన్న ఊరు, వీటిని బట్టి మాట్లాడుకోవడమే. మన దగ్గర నడుస్తున్న పద్ధతులు స్థూలంగా మూడు. బెయిల్‌కింత, విచారణకింత అని దశల వారీగా ఒకటి. అంతా కలిపి ఒకే మొత్తం రెండోది. ముందు కొద్దిగా తీసుకుని వాయిదాకింత అనేది మూడోది.

వాయిదా పద్ధతి మొదట్లో తేలిగ్గా అనిపిస్తుంది. అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం, ఇవి మార్కెట్ రేట్లు కావు. మొదట పది వేలు, వాయిదాకు వెయ్యి అన్నారు. కేసు మూడేళ్లు నడిచి నెలకో వాయిదా పడితే ముప్పై ఆరు వేలు. మొత్తం నలభై ఆరు వేలు. ఆ వాయిదాల్లో చాలావాటిలో ఏమీ జరగదు. సాక్షి రాడు, ఏపీపీ సెలవులో ఉంటారు, హాజరు వేయించుకుని వెనక్కి రావడమే. తీరా సాక్షిని క్రాస్ చేసే రోజు వచ్చినప్పుడు ఆ రోజుకూ అదే వెయ్యి. ముందు రాత్రి ఫైల్ చదవడానికి పట్టిన నాలుగు గంటలకు విలువ లేదు. వాయిదాలు పెరిగే కొద్దీ మనకు ఖర్చు, అవతల రాబడి. అంతా కలిపి ముందే ఇచ్చేస్తే ఇంకో చిక్కు. మూడో ఏడాది నాటికి ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయిన పాత లెక్క అవుతుంది, కోర్టుకు జూనియర్ వస్తాడు.

నేనైతే దశల పద్ధతే మేలంటాను, అందులోనూ బరువు చివర్న ఉండేలా. ఈ కేసులో అరవై వేలకు మాట కుదిరిందనుకోండి. ముందస్తు బెయిల్ పిటిషన్ వేసినప్పుడు పదిహేను వేలు. ఛార్జిషీట్ కాపీలు తీసుకుని, చదివి, డిశ్చార్జి వేయాలా వద్దా తేల్చినప్పుడు పది వేలు. గాయపడిన వ్యక్తినీ కళ్లారా చూశామన్నవాళ్లనూ క్రాస్ చేసే దశకు ఇరవై వేలు. డాక్టరు, దర్యాప్తు అధికారి క్రాస్‌కూ చివరి వాదనలకూ పదిహేను వేలు. మామూలు వాయిదాలకు విడిగా ఏమీ లేదు. ఇలా అయితే లాయరు కష్టం ఎక్కడుందో డబ్బూ అక్కడే ఉంటుంది. మనక్కూడా ఒక్కసారే అప్పు చేయాల్సిన పని ఉండదు.

ఏ మొత్తానికి ఒప్పుకున్నా అందులో ఏముంది, ఏది లేదన్నది అడిగి రాయించుకోవాలి. ఈ కోర్టులో బెయిల్ తోసేస్తే జిల్లా కోర్టులోనో హైకోర్టులోనో వేసే పిటిషన్ ఈ ఫీజులోదా, విడిగానా? హైకోర్టు లాయరు ఫీజు ఎవరిస్తారు? శిక్ష పడితే అప్పీలు సంగతేంటి? జిరాక్సులు, స్టాంపులు, సర్టిఫైడ్ కాపీలు, గుమస్తా ఖర్చులు ఎవరివి? పెద్ద ఒప్పంద పత్రం అక్కర్లేదు. లాయరు లెటర్‌హెడ్ మీద ఆరేడు వాక్యాలు చాలు. అది ఇవ్వడానికి ఇబ్బంది పడితే, మనమే వివరంగా వాట్సాప్ మెసేజ్ పెట్టి ‘సరేనండి’ అన్న జవాబు దాచుకోవచ్చు. డబ్బు వీలైనంత వరకు బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపండి. నగదైతే రసీదు అడగండి. తీసుకున్న డబ్బు ఫీజుకా ఖర్చులకా అన్నది విడివిడిగా లెక్క రాయాలని లాయర్లకు నియమం ఉంది. రసీదు అడిగితే అవమానించినట్టు కాదు.

‘గెలిస్తేనే ఇవ్వండి’, ‘కేసు కొట్టేస్తే ఇంకో లక్ష’ లాంటి మాటలు మనకు న్యాయంగానే తోస్తాయి. కానీ ఫలితం మీద ఆధారపడిన ఫీజును బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో ప్రమాద పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి, చెక్కు తీసుకుని, అది చెల్లకపోతే లాయరు చెక్ బౌన్స్ కేసు వేశారు. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసునే కొట్టేసింది. అది పరిహారం కేసు. క్రిమినల్ కేసులో ఇలాంటి బేరం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఫలితం కోసం అడ్డదారి తొక్కాలన్న ఆశ అందులోనే ఉంటుంది.

ఆ అడ్డదారి గురించి కూడా సూటిగా చెప్పాలి. ‘స్టేషన్లో కొంత ఇవ్వాలి’, ‘పైన మాట్లాడతా, రెండు లక్షలు సిద్ధం చేయండి’ అన్న మాట ఏ నోట వచ్చినా అక్కడితో లేచి రావాలి. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇచ్చినవాడికీ శిక్ష ఉంది. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. పైగా ఆ డబ్బు చేరాల్సిన చోటికి చేరిందో లేదో మనం ఎన్నటికీ అడగలేం. కొట్టు తగాదా కేసులో ఉన్న కుటుంబం ఏసీబీ కేసులో కూడా ఇరుక్కుంటుంది. బెయిల్ సమయంలో ‘మీకు షూరిటీలు లేకపోతే మేమే తెస్తాం’ అన్నా అంతే జాగ్రత్త. నకిలీ ఇంటి పన్ను రసీదులతో షూరిటీలు నిలబెట్టే ముఠాలు పట్టుబడిన వార్తలు చూస్తూనే ఉన్నాం. బంధువుల్లోంచో, తెలిసిన ఉద్యోగుల్లోంచో మనిషిని ముందే అడిగి పెట్టుకోండి.

లాయరు మీద నమ్మకం పోతే మార్చుకునే హక్కు మీకు ఉంది. తనకు నచ్చిన లాయరుతో వాదించుకోవడం రాజ్యాంగంలోని 22వ అధికరణం అరెస్టయిన ప్రతి మనిషికీ ఇచ్చిన హక్కు. కొత్త లాయరు వకాలత్ వేయాలంటే పాత లాయరు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడగవచ్చు. ‘ఫీజు బాకీ తీరిస్తేనే ఫైల్ ఇస్తా’ అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. లాయరు తానే తప్పుకుంటే తగినంత ముందు చెప్పాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలి. దశల వారీగా రాసుకున్న కాగితం ఇక్కడ కూడా అక్కరకొస్తుంది, ఎంత పని అయింది, ఎంత మిగిలిందన్నది అందులోనే ఉంటుంది. వినియోగదారుల ఫోరానికి మాత్రం వెళ్లలేం. లాయర్ల సేవ ఆ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 2024 మే నెలలో చెప్పింది. వృత్తి నియమాలు తప్పిన లాయరు మీద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది హెచ్చరించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, పేరే తొలగించవచ్చు.

మళ్లీ అరెస్టు రాత్రికి వస్తే, ఆ రాత్రే కేసంతటికీ లాయర్ని ఖాయం చేయాల్సిన అవసరం లేదు. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ పూటకు మీకు లాయరు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ తరఫున రిమాండ్ లాయర్ని ఉచితంగా ఇవ్వమని అడగవచ్చు. ఎవర్నైనా పెట్టుకున్నా ‘ఇప్పుడు బెయిల్ వరకే, విచారణ సంగతి ఛార్జిషీట్ వచ్చాక మాట్లాడుకుందాం’ అనవచ్చు, ఫీజు కూడా అంతవరకే ఇవ్వవచ్చు. వకాలత్ ఫారంలో ముద్రించి ఉన్న అధికారాలు చాలా విస్తృతంగా ఉంటాయి, చదివి సంతకం పెట్టండి. దానితో పాటు ఖాళీ తెల్ల కాగితాల మీద సంతకాలు అడిగితే పెట్టకండి.

ఇంత ఫీజు కట్టలేని ఇళ్లే ఎక్కువ. వాళ్లు పొలం అమ్మి లాయర్ని పెట్టుకోవాల్సిన పని లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. చాలా జిల్లాల్లో ఇప్పుడు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని క్రిమినల్ కేసులు మాత్రమే చూసే లాయర్ల బృందం అక్కడ పూర్తికాలం పనిచేస్తోంది, దాని అధిపతికి క్రిమినల్ కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. పైన చెప్పిన ప్రశ్నలన్నీ వాళ్లనూ అడగవచ్చు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. మిగతావాళ్లకు ఆదాయ ధ్రువీకరణ చూసి ఇస్తారు. ఉచిత న్యాయ సహాయం ఎవరికి కావాలన్నా దేశమంతటా ఒకటే నంబరు, 15100.